చూసినవాళ్లు ఎందుకు నొక్కలేదు?
సెర్చ్ రిపోర్టు చదివి, వెనకబడ్డ పేజీకి కొత్త టైటిల్ రాయడం

గూగుల్‌లో ఏదైనా వెతికితే ఫలితాల్లో ఒక్కో పేజీకి దక్కేది చాలా చిన్న చోటు. పెద్ద అక్షరాల్లో ఒక లైను, దాని కింద చిన్న అక్షరాల్లో రెండు మూడు లైన్లు. పైది టైటిల్, కిందది డిస్క్రిప్షన్. లోపల పేజీ ఎంత శ్రద్ధగా రాసినా, వెతికేవాళ్లు ముందు చూసేది ఈ నాలుగు లైన్లనే. అవి చూసి నొక్కితేనే లోపలికి వస్తారు, లేకపోతే కిందనున్న ఇంకో ఫలితానికి వెళ్లిపోతారు.

సొంతంగా వెబ్‌సైట్ నడిపే చిన్న వ్యాపారులు, రైతులు, టీచర్లు మన ఊళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్లకు గూగుల్ ఉచితంగా ఇచ్చే పనిముట్టు సెర్చ్ కన్సోల్. సైట్ తమదేనని ఒకసారి రుజువు చేసుకుంటే చాలు, ఏ మాటలు వెతికినప్పుడు తమ పేజీ కనిపించిందో, ఎంతమంది నొక్కారో గత 16 నెలల దాకా లెక్క అందులో దొరుకుతుంది. ఆ లెక్క చూసి టైటిల్ మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. ఏ లెక్క చూడాలి, ఏది చూసి మోసపోకూడదు అన్నది మాత్రం ఎవరూ ఓపిగ్గా చెప్పరు. అందుకే ఒక్క పేజీని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

నాలుగు అంకెలు

సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిస్తే నాలుగు అంకెలు కనిపిస్తాయి. మన పేజీ ఫలితాల్లో ఎన్నిసార్లు వచ్చిందో చెప్పేది ఇంప్రెషన్లు. ఎన్నిసార్లు నొక్కారో చెప్పేది క్లిక్కులు. క్లిక్కులను ఇంప్రెషన్లతో భాగిస్తే వచ్చే శాతం సీటీఆర్. నాలుగోది సగటు స్థానం, అంటే ఫలితాల వరసలో మనం ఎన్నోవాళ్లమో చెప్పే అంకె.

వీటిలో ఎక్కువమందిని తప్పుదోవ పట్టించేది నాలుగోదే. ఒక పేజీ కొన్ని మాటలకు మూడో స్థానంలో, మరికొన్నింటికి పద్నాలుగో స్థానంలో కనిపిస్తే, రిపోర్టు రెండింటినీ కలిపి తొమ్మిది అని చూపించవచ్చు. నిజానికి ఆ పేజీని తొమ్మిదో స్థానంలో చూసినవాళ్లు దాదాపు ఎవరూ ఉండకపోవచ్చు. సీటీఆర్‌దీ అదే తీరు. వేరువేరు ప్రశ్నలతో వచ్చిన జనాన్నంతా ఒకే కుప్పగా పోసి తీసిన శాతం అది. కుప్పను విడదీయకుండా టైటిల్ మారిస్తే చీకట్లో రాయి విసిరినట్టే.

ఒక నర్సరీ పేజీ

తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీలకు పేరున్న చోటు. అక్కడి ఒక నర్సరీ సైట్‌లో కరివేపాకు మొక్క మీద ఒక పేజీ ఉందనుకుందాం. నర్సరీ, ఇక్కడ చెప్పే లెక్కలు పద్ధతి అర్థం కావడానికి వేసుకున్నవే. పేజీలో సరుకు ఉంది. కుండీ ఎంత ఉండాలి, మట్టి ఎలా కలపాలి, కొసలు ఎప్పుడు తుంచాలి, ఆకులు ఎందుకు పండిపోతాయి, అన్నీ వివరంగా రాశారు. కానీ మూడు నెలల రిపోర్టులో ఆ పేజీ వరస ఇలా ఉంది: 12,400 ఇంప్రెషన్లు, 149 క్లిక్కులు, సీటీఆర్ 1.2 శాతం, సగటు స్థానం 8.9.

పన్నెండు వేలసార్లు కనిపిస్తే వచ్చినవాళ్లు నూట యాభై మంది కూడా లేరు. చూడగానే ఎవరికైనా టైటిల్ బాగాలేదనిపిస్తుంది. అక్కడే ఆగాలి. రిపోర్టులో పేజెస్ జాబితా నుంచి ఈ పేజీ మీద నొక్కి, తర్వాత క్వెరీస్ జాబితాకు వెళితే ఈ ఒక్క పేజీ ఏ ఏ మాటలకు కనిపించిందో విడివిడిగా వస్తుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

మొదటి వరసలో ఉన్నది `curry leaves plant`. 5,200 ఇంప్రెషన్లు, 10 క్లిక్కులు, స్థానం 14. మొత్తం ఇంప్రెషన్లలో నలభై శాతం పైగా ఈ ఒక్కదానివే. పద్నాలుగో స్థానం దాకా దిగి చూసేవాళ్లు అరుదు. ఇక్కడ క్లిక్కులు రాకపోవడానికి టైటిల్ కారణం కాదు, దూరం కారణం. పేజీ పైకి రావాలంటే చేయాల్సిన పని వేరు.

రెండోది `కరివేపాకు మొక్క ఎలా పెంచాలి`. 2,400 ఇంప్రెషన్లు, 48 క్లిక్కులు, స్థానం 3.8. మూడోది అదే ప్రశ్న, ఇంగ్లీషు అక్షరాల్లో: `karivepaku mokka ela penchali`. 1,600 ఇంప్రెషన్లు, 29 క్లిక్కులు, స్థానం 4.1. ఇంకొంచెం కింద `కరివేపాకు ఆకులు పసుపు`. 700 ఇంప్రెషన్లు, 9 క్లిక్కులు, స్థానం 4.6. ఈ మూడింటిలోనూ పేజీ కంటికి ఎదురుగానే ఉంది. అయినా మూడూ కలిపి చూస్తే నొక్కినవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు.

మిగిలిన వాటిలో `curry leaf images` అనే మాటకు 900 ఇంప్రెషన్లు, 2 క్లిక్కులు. బొమ్మ కావాల్సినవాళ్లు వ్యాసం మీద నొక్కరు, అది సహజమే. చివరగా నర్సరీ పేరే టైప్ చేసి వెతికినవాళ్లు: 110 ఇంప్రెషన్లకు 46 క్లిక్కులు. వీళ్లు ముందే ఈ నర్సరీ ఎరిగినవాళ్లు, టైటిల్ ఎలా ఉన్నా వస్తారు.

ఈ వరసలన్నీ కూడితే 10,910 ఇంప్రెషన్లే వస్తాయి, పేజీ మొత్తం కన్నా 1,490 తక్కువ. ఇందులో తప్పేమీ లేదు. చాలా కొద్దిమంది మాత్రమే వెతికిన మాటలను, వాళ్ల గోప్యత కోసం, గూగుల్ జాబితాలో చూపించదు. అందుకే మాటల వారీ మొత్తం పేజీ మొత్తంతో కలవదు.

ఇలా విడదీశాక 1.2 శాతం అనే అంకె పక్కకు పోతుంది. మన పని తేలిన చోటు ఒక్కటే: ఆ మధ్యలో ఉన్న మూడు ప్రశ్నలు. వాటి లెక్క కలిపితే 4,700 ఇంప్రెషన్లు, 86 క్లిక్కులు, అంటే 1.8 శాతం.

తక్కువ అని ఎలా తెలుసు?

నాలుగో స్థానంలో 1.8 శాతం తక్కువేనా? మొదటి స్థానానికి ఇంత, రెండో దానికి ఇంత అంటూ పట్టికలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. వాటిని నమ్ముకుని నిర్ణయం తీసుకోకూడదు. కొన్ని ప్రశ్నలకు జవాబు ఫలితాల పేజీలోనే పైన ఒక పెట్టెలో కనిపిస్తుంది, ఇక ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు. కొన్నింటికి పైన వీడియోలు, ప్రకటనలు వరసగా వస్తాయి. కాబట్టి ఒక ప్రశ్నలో నాలుగో స్థానం, ఇంకో ప్రశ్నలో నాలుగో స్థానం ఒకటి కావు.

కొలవడానికి దగ్గరి కొలబద్ద మన సైట్‌లోనే ఉంటుంది. ఇదే నర్సరీకి మామిడి అంటు కట్టడం మీద ఇంకో పేజీ ఉంది. అదీ ఇలాంటి పెంపకం ప్రశ్నలకే, నాలుగో స్థానం దగ్గరే కనిపిస్తోంది, సీటీఆర్ 6 శాతం. అదే సైట్, అదే రకం పాఠకులు, అదే స్థానం. అక్కడ ఆరు, ఇక్కడ రెండు కూడా లేదు. ఇప్పుడు తక్కువ అనే మాటకు ఆధారం దొరికింది.

వెతికేవాళ్లకు కనిపించేది ఏమిటి?

కారణం రిపోర్టు చెప్పదు, ఫలితాల పేజీ చెబుతుంది. ఆ మూడు ప్రశ్నలూ ఫోన్‌లో, ఇన్‌కాగ్నిటోలో వెతికి చూడాలి. ఎక్కువమంది వెతికేది ఫోన్‌లోనే అయితే, అదీ రిపోర్టులోని డివైసెస్ జాబితాలో తెలుస్తుంది. అక్కడ మన పేజీ ఇలా కనిపించింది: నర్సరీ పేరు ముందు, తర్వాత "మొక్కలు", తర్వాత "కూరగాయలు, ఆకుకూరలు", ఆ తర్వాత చుక్కలు. కరివేపాకు అనే మాట ఆ చుక్కల వెనక ఉండిపోయింది. కింద డిస్క్రిప్షన్ చోట "హోమ్, మా గురించి, ధరలు, సంప్రదించండి" అని మెనూ మాటలు. పేజీకి డిస్క్రిప్షన్ ఎవరూ రాయలేదు, దొరికిన ముక్క ఏదో గూగుల్ తీసి పెట్టింది.

పక్కనే ఉన్న ఫలితాలు కూడా చదవాలి. పైనున్న రెండూ "కరివేపాకు మొక్క ఎలా పెంచాలి" అనే మొదలయ్యాయి. ఎవరూ పసుపు ఆకుల సంగతి ఎత్తలేదు. మన పేజీలో ఆ సంగతి పూర్తిగా ఉంది.

ఇంకో జాబితా కూడా ఇక్కడ పనికొస్తుంది, కంట్రీస్. ఈ ప్రశ్నలకు కొంత భాగం అమెరికా నుంచి వస్తోందని అందులో కనిపించింది. నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు కరివేపాకు మొక్కను ఆశ్రయిస్తుంది కాబట్టి అక్కడ ఈ మొక్కల రవాణా మీద ఆంక్షలు ఉన్నాయి. పైగా మంచు పడే రాష్ట్రాల్లో దీన్ని కుండీలో పెట్టి, చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలి. అక్కడి తెలుగువాళ్లకు "ఇంటికే డెలివరీ" అనే మాట అక్కరకు రాదు. "కుండీ" అనే మాట వాళ్లకూ, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకూ సమానంగా పనికొస్తుంది. ఒక మాట ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

కొత్తగా రాయడం

టైటిల్‌కు ఇన్ని అక్షరాలే అని గూగుల్ హద్దు పెట్టలేదు. కానీ తెర వెడల్పు దాటితే కోసేస్తుంది. ఇంగ్లీషుకు చెప్పే అరవై అక్షరాల లెక్క తెలుగుకు నప్పదు, మన అక్షరాలు వెడల్పు. ఒత్తులూ గుణింతాలూ కంప్యూటర్‌కు విడివిడి అక్షరాలుగా లెక్కకొస్తాయి కాబట్టి లెక్కపెట్టే పరికరం చెప్పే అంకె కూడా నమ్మదగింది కాదు. ఫోన్‌లో చూసి తేల్చుకోవడమే దారి. అసలు మాట ముందు రావాలి, కోతకు గురైనా ఫరవాలేదనుకునేది చివర ఉండాలి. నర్సరీ పేరు అందుకే చివరికి పోయింది.

మొదట మనసులోకి వచ్చేది "నెల రోజుల్లో గుబురుగా కరివేపాకు" లాంటి టైటిల్. దాన్ని పక్కన పెట్టాలి. కరివేపాకు మొదట్లో నింపాదిగా పెరిగే మొక్క, నెలలో గుబురు కాదు. ఆ మాట నమ్మి వచ్చినవాళ్లు లోపల అది కనిపించక వెనక్కి పోతారు. క్లిక్కు దక్కుతుంది, నమ్మకం పోతుంది. పేజీలో నిజంగా ఉన్నదే టైటిల్‌లో ఉండాలి.

మరి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేసేవాళ్ల కోసం టైటిల్‌లో `karivepaku` కూడా చేర్చాలా? రిపోర్టే జవాబు చెప్పింది. తెలుగు లిపిలో ఉన్న ఈ పేజీ ఆ ప్రశ్నకు ఇప్పటికే 4.1 స్థానంలో కనిపిస్తోంది. అలా టైప్ చేసేవాళ్లు తెలుగు చదవలేక కాదు, కీబోర్డు అలవాటు వల్ల అలా టైప్ చేస్తారు. ఒకే మాటను రెండు లిపుల్లో రాసి ఉన్న కొద్ది చోటునూ పాడుచేసుకోవాల్సిన పని లేదు.

చివరికి పేజీ హెడ్ భాగంలో రాసింది ఇది:

```html
<title>కరివేపాకు మొక్క ఎలా పెంచాలి: కుండీ, మట్టి, పసుపు ఆకులు</title>
<meta name="description" content="కుండీ ఎంత ఉండాలి, మట్టి ఎలా కలపాలి, కొసలు ఎప్పుడు తుంచాలి, నీళ్లు నిలిస్తే ఆకులు ఎందుకు పండుతాయి. నాటిన రోజు నుంచి ఆకు కోసే దాకా.">
```

టైటిల్‌లో మొదటి సగం రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు. రెండో సగం మూడో ప్రశ్న కోసం, పక్క ఫలితాల్లో లేని సంగతి కోసం. ప్రశ్నలో జనం "పసుపు" అన్నారు కాబట్టి టైటిల్‌లో అదే మాట. డిస్క్రిప్షన్‌లో తోటపని చేసేవాళ్లు వాడే "పండటం" పెట్టాం.

రాసినంత మాత్రాన గూగుల్ అదే చూపిస్తుందనే హామీ లేదు. 2021 ఆగస్టులో టైటిళ్లు తయారుచేసే పద్ధతిని గూగుల్ మార్చింది. సైట్ యజమానులు గోల పెట్టాక ఆ సెప్టెంబరులో సరిచేసి, నూటికి 87 సార్లు యజమాని రాసిన టైటిలే వాడుతున్నామని ప్రకటించింది. మిగతా సార్లు పేజీలోని పెద్ద హెడింగ్ నుంచో, ఇతర పేజీలు ఇచ్చిన లింకు మాటల నుంచో తీసుకుంటుంది. అందుకని పేజీలోని హెడింగ్ కూడా కొత్త టైటిల్‌తో కలిసేలా మార్చాలి. ఒకటి పెంపకం గురించి, మరొకటి "మా ఉత్పత్తులు" అని ఉంటే గూగుల్ తనకు తోచింది ఎంచుకుంటుంది.

డిస్క్రిప్షన్ విషయంలో గూగుల్‌కు ఇంకా స్వేచ్ఛ ఎక్కువ. వెతికిన ప్రశ్నకు పేజీలోని వేరే వాక్యం బాగా సరిపోతుందనుకుంటే దాన్నే చూపిస్తుంది. కాబట్టి పసుపు ఆకుల భాగంలో మొదటి వాక్యం కూడా తిరగరాయాలి. "ఇప్పుడు ఇంకో ముఖ్యమైన విషయం చూద్దాం" అని మొదలైతే ఫలితాల్లో అదే కనిపిస్తుంది. "కుండీలో నీళ్లు నిలిచినా, మట్టిలో ఇనుము అందకపోయినా కరివేపాకు ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి" అని మొదలైతే, ఆ వాక్యమే డిస్క్రిప్షన్‌గా పనిచేస్తుంది.

ఫలితం తూకం వేయడం

మార్చిన రోజు, పాత టైటిల్, కొత్త టైటిల్ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. సెర్చ్ కన్సోల్‌లో ఆ పేజీ చిరునామా ఇచ్చి మళ్లీ చూడమని గూగుల్‌ను అడగవచ్చు. అడిగిన వెంటనే మారదు. ఫలితాల్లో కొత్త టైటిల్ కళ్లారా కనిపించిన రోజు నుంచే లెక్క మొదలుపెట్టాలి. ఆ రోజు నుంచి 28 రోజులు, దానికి ముందు 28 రోజులు. నాలుగు పూర్తి వారాలు కావడంతో ఆదివారాలూ పనిరోజులూ రెండు వైపులా సమానంగా ఉంటాయి.

పోల్చాల్సింది పేజీ మొత్తాన్ని కాదు, ఆ మూడు ప్రశ్నలనే. మన ఉదాహరణలో ముందు 28 రోజుల్లో 1,450 ఇంప్రెషన్లు, 26 క్లిక్కులు, స్థానం నాలుగు. తర్వాతి 28 రోజుల్లో 1,600 ఇంప్రెషన్లు, 66 క్లిక్కులు, స్థానం 3.9. అంటే 1.8 శాతం నుంచి 4.1 శాతానికి పెరిగింది. పాత రేటే ఉండి ఉంటే 1,600 ఇంప్రెషన్లకు 29 క్లిక్కులు వచ్చేవి. మార్పు వల్ల వచ్చాయనదగ్గవి 37.

"అనదగ్గవి" అనడానికి మూడు సంగతులు చూసుకున్నాం. మొదటిది స్థానం. అది దాదాపు కదల్లేదు. ఆరు నుంచి మూడుకు వచ్చి ఉంటే క్లిక్కులు వాటంతట అవే పెరిగేవి, టైటిల్‌కు ఆ ఘనత దక్కదు. రెండోది కాలం. తొలకరిలో మొక్కలు నాటే జోరు ఉంటుంది, ఇంప్రెషన్లు పెరిగింది అందుకే కావచ్చు. అయితే అదే రోజుల్లో, ఏమీ మార్చని మామిడి అంటు పేజీ సీటీఆర్ ఆరు శాతం దగ్గరే ఉంది. కాలమే కారణమైతే అదీ కదిలేది. మూడోది అంకెల పరిమాణం. 26 నుంచి 66 కావడానికి అర్థం ఉంది. మూడు క్లిక్కులు ఆరైతే రెట్టింపు అయిందని సంబరపడకూడదు, అలాంటివి ఏ మార్పూ లేకుండానే అవుతుంటాయి. అలాంటి చిన్న పేజీకి 28 రోజులు చాలవు, రెండు మూడు నెలలు ఆగాలి.

ఇంకో మోసం పేజీని ఎంచుకునేటప్పుడే మొదలవుతుంది. గత నెలలో అన్నిటికన్నా అధ్వానంగా ఉన్న పేజీలు పది ఏరి మారిస్తే, వచ్చే నెల వాటిలో చాలావరకు కొంత మెరుగుపడతాయి. చెడ్డ నెల తర్వాత మామూలు నెల రావడమే అందుకు కారణం. అందుకే ఎంపికకు ఒక నెల కాకుండా మూడు నెలల లెక్క తీసుకున్నాం.

దీనికి తిరగబడిన సందర్భం కూడా ఉంది. టైటిల్ మార్చాక పేజీ కొత్త ప్రశ్నలకు కూడా, దూరపు స్థానాల్లో, కనిపించడం మొదలవుతుంది. ఇంప్రెషన్లు బాగా పెరిగి మొత్తం సీటీఆర్ పడిపోతుంది. కంగారుపడి పాత టైటిల్ తెచ్చిపెట్టేవాళ్లున్నారు. క్లిక్కులు పెరిగి శాతం తగ్గితే నష్టమేమీ జరగలేదు. పాత ప్రశ్నలను విడిగా చూస్తే సంగతి తేలిపోతుంది.

ఇక్కడితో టైటిల్ పని అయిపోయింది

మూడు ప్రశ్నలనూ మళ్లీ విడదీసి చూస్తే, పెంపకం గురించి అడిగిన రెండూ 4.5 శాతం దాకా వచ్చాయి, పసుపు ఆకుల ప్రశ్న మాత్రం రెండు శాతం దగ్గరే ఆగింది. ఇంకోసారి టైటిల్ తిప్పి రాయాలనిపిస్తుంది. కానీ ఆకులు పసుపెక్కి, ఏం చేయాలో తోచక వెతికేవాళ్లకు "ఎలా పెంచాలి" అని మొదలయ్యే ఫలితం తమ కోసం అనిపించదు. ఒక్క టైటిల్ రెండు రకాల అవసరాలను సగం సగం మోస్తోంది. టైటిల్‌ను అటు తిప్పితే పెంపకం ప్రశ్నల్లో వచ్చింది పోతుంది.

ఆ ప్రశ్నకు కావాల్సింది సొంత పేజీ. పసుపు ఆకులకు కారణాలు ఫొటోలతో సహా అక్కడ వివరించి, పాత పేజీలోని ఆ భాగాన్ని రెండు వాక్యాలకు కుదించి, కొత్త పేజీకి లింకు ఇవ్వాలి. పద్నాలుగో స్థానంలో ఉన్న `curry leaves plant` అనే మాట విషయంలోనూ నిర్ణయం తీసుకోవచ్చు. ఇంగ్లీషులో వెతికేవాళ్లకు ఇంగ్లీషు పేజీ రాసే ఉద్దేశం నర్సరీకి లేకపోతే, ఆ 5,200 ఇంప్రెషన్లను లెక్కలోంచి తీసేసి నిశ్చింతగా ఉండాలి. అవి ఈ పేజీ పోగొట్టుకున్న పాఠకులు కారు, మొదటి నుంచీ వేరే పేజీ కోసం వెతుకుతున్నవాళ్లు.